సేల్‌లో ఫోను ధర నిజంగా తగ్గిందా, పెంచి తగ్గించారా: తేల్చుకోవడం ఎలా

ఆన్‌లైన్ సేల్‌లో ఫోను కొనబోయేవారికి తెరపై మూడు అంకెలు కనిపిస్తాయి. గీత కొట్టిన పెద్ద ధర ఒకటి, దాని పక్కన అమ్మకం ధర ఒకటి, ఆ రెండింటి మధ్య తేడాను చూపే తగ్గింపు శాతం ఒకటి. వీటిలో మీ జేబుతో నేరుగా సంబంధం ఉన్నది అమ్మకం ధర ఒక్కటే. శాతం మాత్రం గీత కొట్టిన ధర మీద పూర్తిగా ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ ధరకు ఫోను ఎన్నడూ ఎవరూ కొనకపోయి ఉంటే శాతానికి కూడా విలువ లేనట్లే. అందుచేత ఈ వ్యాసంలో మిమ్మల్ని చేయమనేది ఒకే పని: గీత కొట్టిన అంకెను పక్కన పెట్టి, ఆ ఫోను సేల్‌కు ముందు మామూలు రోజుల్లో ఎంతకు దొరికేదో మీరే తేల్చుకుని, ఆ ధరతో సేల్ ధరను పోల్చి చూడండి. అలా తేల్చుకున్న ధరను ఇక్కడ మామూలు ధర అని పిలుస్తాను.

నేను ఈ పద్ధతికి రావడానికి కారణం ఒక బిల్లు. ఒక సేల్‌లో మూడోవంతు తగ్గింపు ఉందని రాసి ఉన్న ఫోనును సంబరంగా కొన్నాను. అదే ఫోనును, అదే స్టోరేజీతో, ఏ సేలూ లేని రోజుల్లో, నాకంటే రెండు నెలల ముందు మా బావమరిది కొన్నాడు. ఆయన బిల్లు పక్కన నా బిల్లు పెట్టి చూస్తే నేనే మూడు వందలు ఎక్కువ కట్టాను. తగ్గింపు అని నేను నమ్మినది, సేల్‌కు ముందు పెంచిన ధర మళ్ళీ పాత చోటికి రావడమే. అప్పటి నుండి తగ్గింపు శాతం ఎంతని ఎవరైనా చెప్పినా, ముందు పాత బిల్లు ఉందా అని అడుగుతాను.

గీత కొట్టిన ధర ఎక్కడి నుండి వస్తుంది

ఈ అంకె సాధారణంగా మూడు చోట్ల నుండి వస్తుంది. వాటిని విడదీసి చూడగలిగితే సగం పని అయినట్టే.

మొదటిది, పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ ధర. భారతదేశం వంటి చోట్ల పెట్టెలో వచ్చే వస్తువుల మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలి. దాని అర్థం అంతకు మించి అమ్మరాదు అనే గాని, అంతకు అమ్ముతున్నారు అని కాదు. ఫోనుల విషయంలో తయారీదారు విడుదల రోజున ప్రకటించే అమ్మకం ధరే చాలాసార్లు ముద్రించిన ధర కంటే బాగా తక్కువగా ఉంటుంది. కాబట్టి ముద్రించిన ధరతో పోలిస్తే విడుదల రోజు నుండే ప్రతి ఫోనూ తగ్గింపులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇందులో చట్ట విరుద్ధమేమీ లేకపోవచ్చు, కాని మీకు పనికివచ్చే సమాచారం కూడా ఏమీ లేదు.

రెండవది, విడుదల ధర. ఇది ఒకప్పుడు నిజంగానే జనం కట్టిన ధర, కాని ఇప్పటిది కాకపోవచ్చు. తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 అమెరికాలో 799 డాలర్లకు వచ్చింది. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే ఆపిల్ తానే ఐఫోన్ 15 ధరను 699 డాలర్లకు దించింది. ఆ తరువాత ఎవరైనా 799కి గీత కొట్టి 699 అని రాస్తే, ఆ రెండు అంకెలూ నిజమే అయినా తగ్గింపు మాత్రం శూన్యం. ఎందుకంటే ఆ రోజు ఏ దుకాణానికి వెళ్ళినా అదే ధర. కొత్త మోడల్ రావడంతో పాత మోడల్‌కు శాశ్వతంగా జరిగే ఈ కోతను సేల్ వాళ్ళు ఇచ్చిన కానుకగా లెక్క వేయకూడదు.

మూడవది, సేల్‌కు కొన్ని రోజుల ముందు పెంచిన ధర. దీని విషయంలోనే మోసం అనే మాట వాడవలసి వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుండి అమలులో ఉన్న నియమం దీనికోసమే వచ్చింది. తగ్గింపు ప్రకటించేవారు తగ్గింపుకు ముందు కనీసం 30 రోజులలో తాము అడిగిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలన్నది సాధారణ నియమం. 2024 సెప్టెంబరు 26న ఆ యూనియన్ న్యాయస్థానం మరో అడుగు ముందుకు వేసి, ఆ కనిష్ఠ ధరను ఒక మూలన చిన్న అక్షరాల్లో రాస్తే చాలదనీ, ప్రకటించే శాతాన్ని కూడా దాని మీదే లెక్కించాలనీ తీర్పు ఇచ్చింది. మీరు ఏ దేశంలో ఉన్నా, అక్కడ చట్టం ఏం చెప్పినా, ఈ కొలబద్దను సొంతంగా వాడుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మొదటి మెట్టు: ఏ ఫోను ధర చూస్తున్నారో ఖాయం చేసుకోండి

ధర చరిత్ర వెతకడానికి ముందు వేరియంట్‌ను ఖాయం చేసుకోవాలి. ఇది చిన్న విషయంగా తోస్తుంది గాని, నేను చూసిన తప్పుడు లెక్కల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. ఒకే పేరుతో అమ్మే ఫోనుకు ర్యామ్, స్టోరేజీ, రంగు మారితే ధర మారుతుంది. ఒక్కోసారి రంగు ఒక్కటే మారినా వెయ్యి, రెండు వేల తేడా వస్తుంది, ఎందుకంటే ఎక్కువగా అమ్ముడుపోని రంగును ముందుగా వదిలించుకోవాలని చూస్తారు. ప్రకటనలో "నుండి మొదలు" అని రాసిన ధర అన్నిటికంటే చిన్న స్టోరేజీది, గీత కొట్టినది పెద్ద స్టోరేజీది అయి ఉండే అవకాశం కూడా ఉంది.

కాబట్టి ఒక కాగితం మీదనో ఫోనులోనో ఐదు సంగతులు రాసుకోండి: మోడల్ సంఖ్య, ర్యామ్, స్టోరేజీ, రంగు, అమ్మకందారు పేరు. మోడల్ సంఖ్య అంటే పెట్టె మీద, ఉత్పత్తి వివరాల పట్టికలో ఉండే అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు. ఒకే పేరు గల ఫోనుకు దేశాన్ని బట్టి ఈ సంఖ్య చివరి అక్షరాలు మారవచ్చు. వేరే దేశం కోసం తయారైన ఫోను చవకగా కనిపిస్తుంది గాని, దాని వారంటీ మీ దగ్గర చెల్లకపోవచ్చు. అలాగే అది కొత్తదా, బాగుచేసి తిరిగి అమ్ముతున్నదా అన్నది కూడా చూసుకోండి. బాగుచేసిన ఫోను ధరను కొత్త ఫోను ధర పక్కన పెట్టి గీత కొట్టడం అరుదేమీ కాదు.

అమెజాన్‌లో అయితే ప్రతి వేరియంట్‌కూ పది అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని ASIN అంటారు. చిరునామాలో `/dp/` తరువాత వచ్చే పది అక్షరాలే అది. మీరు స్టోరేజీ మార్చగానే ఆ పది అక్షరాలు కూడా మారడం గమనించండి. మీరు వెతకవలసిన ధర చరిత్ర ఆ పది అక్షరాలకు చెందినదే గాని ఫోను పేరుకు చెందినది కాదు.

రెండవ మెట్టు: మూడు నెలల ధర చరిత్ర చదవండి

అమెజాన్‌లో అమ్మే వస్తువులకు Keepa అనే సేవ చాలా దేశాల్లో ధర చరిత్రను గ్రాఫుగా చూపుతుంది. ఇతర సైట్లకు కూడా ధరలను నమోదు చేసే సేవలు, ధరలను పోల్చే సైట్లు ఉన్నాయి. మీ దేశంలో ఏవి పనిచేస్తాయో చూసుకుని, ఉత్పత్తి చిరునామాను అందులో పెట్టండి. కాల వ్యవధిని కనీసం చివరి మూడు నెలలకు పెట్టుకోండి. ఒక్క నెల మాత్రమే చూస్తే, సేల్‌కు ఐదారు వారాల ముందే ధర పెంచి ఉంచినవాడు మీ కంటికి నిజాయితీపరుడుగా కనిపిస్తాడు.

గ్రాఫు ముందుకు రాగానే అంకెలు చదవడం మొదలుపెట్టకండి, ముందు ఆకారం చూడండి. గీత వారాల తరబడి ఒకే ఎత్తులో నేలలా సాగి, సేల్ రోజున ఒక్కసారిగా మెట్టు దిగితే, అది నిజమైన తగ్గింపు. గీత నేలలా సాగి, సేల్‌కు వారం పది రోజుల ముందు గుట్టలా లేచి, సేల్ రోజున మళ్ళీ పాత నేల మీదికి వస్తే, అది పెంచి తగ్గించడం. గీత రంపపు పళ్ళలా నెలకోసారి దిగుతూ లేస్తూ ఉంటే, అందులో మోసం ఉన్నా లేకపోయినా, ఆ ఫోనుకు దిగువ పన్నే అసలు ధర అని అనుకోవచ్చు. అలాంటి ఫోనును ఈ సేల్‌లో కొనకపోతే పోయేదేమీ లేదు, మరో మూడు వారాలకు అదే ధర మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే గుట్ట కనిపించిన ప్రతిచోటా మోసం ఉందని తేల్చేయడం కూడా పొరపాటే. అసలు అమ్మకందారు దగ్గర సరుకు అయిపోయినప్పుడు, ఒకటో రెండో ఫోనులు ఉన్న చిన్న అమ్మకందారు ఎవరైనా ఇష్టం వచ్చిన ధర పెట్టుకుని కూర్చోవచ్చు. గ్రాఫులో అది కొండలా కనిపిస్తుంది. సరుకు తిరిగి రాగానే గీత కిందికి దిగుతుంది. దీన్ని గుర్తుపట్టడానికి Keepa గ్రాఫులో రంగులు ఉపయోగపడతాయి. నారింజ గీత అమెజాన్ స్వయంగా అమ్మిన ధర, నీలం గీత కొత్త ఫోనుకు అక్కడ ఉన్న అమ్మకందారులందరిలో అతి తక్కువ ధర. నారింజ గీత తెగిపోయిన రోజుల్లోనే నీలం గీత పైకి లేచి ఉంటే, అది సరుకు కొరత వల్ల వచ్చిన గుట్ట కావచ్చు. అమెజాన్ స్వయంగా అమ్మని చోట నారింజ గీత ఉండదు, అప్పుడు అమ్మకందారు ఎవరో ఉత్పత్తి పేజీలో చూసుకోవలసిందే. ఏది ఏమైనా ఆ గుట్ట మీది ధరను మామూలు ధరగా తీసుకోకూడదన్నది రెండు సందర్భాల్లోనూ ఒకటే.

గ్రాఫుకు ఇంకో లోపం ఉంది. పేజీలో టిక్కు పెడితే వచ్చే కూపన్లు, ఫలానా బ్యాంకు కార్డుకు ఇచ్చే తగ్గింపు, పాత ఫోను మార్పిడికి ఇచ్చే అదనపు మొత్తం సాధారణంగా ఆ గీతలో కలవవు. అందుచేత గ్రాఫులోని ధరను ఈ రోజు షరతులేవీ లేకుండా పేజీలో ఉన్న ధరతోనే పోల్చాలి. కార్డు తగ్గింపు కలిపిన ఈనాటి ధరను, కార్డు తగ్గింపు కలపని నిన్నటి ధరతో పోల్చితే తగ్గింపు లేనిచోట కూడా తగ్గింపు పుట్టుకొస్తుంది. అమ్మకందారులు చేసే ప్రకటనల్లో ఈ కలగాపులగం చాలా ఎక్కువ.

మూడవ మెట్టు: మామూలు ధరను తేల్చండి

ఎక్కువ రోజులు ఏ ధర ఉందో అదే మామూలు ధర. సగటు తీయవద్దు. నాలుగు రోజులు ఆకాశంలో ఉన్న ధర సగటును పైకి లాగేస్తుంది, అంటే పెంచినవాడి పెంపును మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రోజుల వారీగా లెక్కపెట్టి, ఏ ధర ఎక్కువ రోజులు నిలిచిందో చూడడం మేలు.

ఒక ఉదాహరణను మొదటి నుండి చివరి వరకు నడిపిస్తాను. అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, కాని తీరు మాత్రం సేల్‌లో మీకు ఎదురయ్యేదే. ఒక ఫోను పేజీలో 40,000కు గీత కొట్టి, పక్కన 26,000 అని, 35 శాతం తగ్గింపు అని రాసి ఉందనుకోండి. ధర చరిత్రలో చివరి 90 రోజులు చూస్తే, 62 రోజులు 28,000, 12 రోజులు 27,000, మధ్యలో వచ్చిన ఒక చిన్న సేల్‌లో 9 రోజులు 25,500, ఈ సేల్‌కు ముందు చివరి 7 రోజులు 32,000 ఉన్నట్టు తేలింది.

ఇందులో 40,000 అనే ధర ఒక్క రోజు కూడా లేదు. కాబట్టి అది ముద్రించిన ధరో, ఎప్పటిదో విడుదల ధరో అయి ఉండాలి, దాన్ని ఇక్కడితో వదిలేయవచ్చు. చివరి వారపు 32,000 సేల్‌కు ముందు లేచిన గుట్ట. ఎక్కువ రోజులు నిలిచినది 28,000. చివరి 30 రోజులలో 7 రోజులు 32,000, మిగిలిన 23 రోజులు 28,000 ఉందనుకుంటే, యూరోపు నియమం ప్రకారం చూపవలసిన పాత ధర కూడా 28,000 అవుతుంది. రెండు పద్ధతులూ ఒకే అంకెకు వచ్చాయంటే మీ లెక్క మీద ధైర్యంగా నిలబడవచ్చు. ఇప్పుడు 28,000 నుండి 26,000కు తగ్గింపు రెండు వేలు, అంటే సుమారు 7 శాతం. 35 అని రాసిన చోట నిజంగా ఉన్నది 7. పైగా అదే ఫోను అదే మూడు నెలల్లో 9 రోజుల పాటు 25,500కే దొరికింది, అంటే ఈ సేల్ ధర ఆ చిన్న సేల్ కంటే 500 ఎక్కువ.

ఇది ఇక్కడితో ఆగదు. పేజీ కిందికి జరిపి చూస్తే ఆ 26,000 ఫలానా కార్డు ఉన్నవారికే అని, కార్డు లేనివారికి ధర 27,500 అని కనిపించిందనుకోండి. అప్పుడు షరతులేవీ లేని తగ్గింపు 28,000 మీద 500, అంటే రెండు శాతం కూడా పూర్తిగా లేదు. ఆ కార్డు మీ దగ్గర ఉండి, అది మామూలు రోజుల్లో వర్తించని తగ్గింపు అయితే, ఆ 1,500 మీకు నిజమైన లాభమే, దాన్ని కాదనను. కాని అది కార్డు ఇచ్చే తగ్గింపు అని, ఫోను ధర తగ్గలేదని విడిగా గుర్తుపెట్టుకోండి. ఆ కార్డు ఆఫర్ సేల్ తరువాత వారం కూడా ఉంటే, సేల్ గడియారాన్ని చూసి తొందరపడవలసిన పని ఉండదు.

నాలుగవ మెట్టు: చరిత్ర దొరకకపోతే

చాలా సైట్లకు, ముఖ్యంగా తయారీదారుల సొంత దుకాణాలకు, ఎవరూ గ్రాఫు ఉంచరు. అప్పుడు రెండు దారులు ఉన్నాయి. web.archive.org లో ఉత్పత్తి పేజీ చిరునామాను పెట్టి, పాత తేదీల్లో ఆ పేజీ ఎలా ఉండేదో చూడవచ్చు. చిరునామాలో ప్రశ్న గుర్తు తరువాత ఉన్న తోకంతా తీసేసి పెడితే దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఫోను పేజీల్లో ధర చాలాసార్లు పేజీ తెరుచుకున్న తరువాత వేరుగా వచ్చి చేరుతుంది కాబట్టి, భద్రపరచిన ప్రతిలో ధర ఉండవలసిన చోటు ఖాళీగా ఉండవచ్చు. పేజీని భద్రపరచిన యంత్రం మరో దేశంలో ఉంటే వేరే దేశపు డబ్బులో ధర కనిపించవచ్చు కూడా. అలాంటి ప్రతి మీద లెక్క కట్టకండి.

రెండవ దారి, మీరే రాసుకోవడం. పెద్ద సేల్‌లు ఏటా దాదాపు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి, ఫోను కొనాలని నిర్ణయించుకున్న రోజు నుండి, వీలైతే సేల్‌కు ఆరు వారాల ముందు నుండి, రోజూ ఒకసారి ధర రాసుకోండి. తేదీ, అమ్మకందారు, షరతులు లేని ధర, సరుకు ఉందా లేదా అన్న నాలుగు గడులు చాలు. ఫోను పేజీలోకి వెళ్ళి, మీ వేరియంట్‌ను ఎంచుకుని, కార్టులో వేసి, డబ్బు కట్టే ముందు వచ్చే చివరి పేజీలోని మొత్తాన్ని రాయండి. మొదటి పేజీలో లేని చేరవేత రుసుము, సైట్ వాళ్ళ రుసుము అక్కడే బయటపడతాయి. రోజూ కుదరకపోతే వారానికి రెండుసార్లు రాసినా గుట్ట ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

ఆ పట్టిక స్ప్రెడ్‌షీట్‌లో ఉంటే, ధరలు C అనే నిలువు వరుసలో 2వ గడి నుండి 43వ గడి వరకు ఉన్నాయనుకుని, ఈ సూత్రం రాయండి:

```
=MEDIAN(C2:C43)
```

ఇది 42 రోజుల ధరలను చిన్నదాని నుండి పెద్దదానికి పేర్చి, సరిగ్గా నడిమికి వచ్చే రెండు ధరల సగటును ఇస్తుంది. కొద్ది రోజుల గుట్ట గాని, కొద్ది రోజుల పల్లం గాని దీన్ని పెద్దగా కదిలించలేవు. ఎక్కువ రోజులు నిలిచిన ధర ఏదో కంటికి స్పష్టంగా కనిపించనప్పుడు, అంటే ధర రోజూ కొద్దికొద్దిగా మారుతున్నప్పుడు, దీన్నే మామూలు ధరగా తీసుకోండి.

సేల్ మొదలైన తరువాతే ఈ వ్యాసం చదువుతున్నవారికి పాత రోజులను వెనక్కి తెచ్చుకునే దారి లేదు, అయినా చేయగలిగినది ఉంది. అదే వేరియంట్ ధరను అదే గంటలో మరో మూడు చోట్ల చూడండి, వాటిలో ఒకటి తయారీదారు సొంత దుకాణం అయి ఉండాలి, ఒకటి ఆ సేల్‌తో సంబంధం లేని దుకాణం అయి ఉండాలి. నాలుగు చోట్లా ధర దాదాపు ఒకటే అయితే, మీరు చూస్తున్నది సేల్ తగ్గింపు కాదు, ఆ ఫోనుకు ఆ రోజున ఉన్న సంత ధర. తరువాత, ఆ ఫోను ఇటీవల కొన్నవారు తెలిసి ఉంటే బిల్లు అడగండి. తేదీ, మోడల్, కట్టిన మొత్తం మూడూ ఒకే కాగితం మీద ఉన్న ఆధారం దానికంటే మంచిది మరొకటి లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవారైతే తమ ఆర్డర్ల జాబితాలోనుండి దాన్ని నిమిషంలో తీసి పంపగలరు.

ఐదవ మెట్టు: పాత ఫోను మార్పిడిని విడిగా లెక్కించండి

సేల్ ప్రకటనల్లో అన్నిటికంటే ఎక్కువ మసి పూసేది ఇదే. మార్పిడి మీద పదివేల వరకు తగ్గింపు అని రాసి, ఆ పదివేలనూ కలిపిన ధరను పెద్ద అక్షరాల్లో వేస్తారు. "వరకు" అన్న మాట ఏదో ఒక ఖరీదైన పాత ఫోనుకు, ఏ లోపమూ లేని స్థితిలో, ఇచ్చే మొత్తాన్ని సూచిస్తుంది. మీ పాత ఫోను మోడల్ ఎంచుకుని, తెర పగిలిందా, బటన్లు పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పిన తరువాత ఎంత చూపుతుందో అదే మీ అంకె. అది కూడా ఇంటికి వచ్చి ఫోను తీసుకునే మనిషి ఒప్పుకునే వరకు ఖాయం కాదు.

మీకు కలిగే లాభం ఆ అంకె మొత్తం కాదు. మీ పాత ఫోనును విడిగా అమ్మితే ఎంత వస్తుందో దాన్ని అందులోనుండి తీసేయాలి. పై ఉదాహరణలోని ఫోనుకు మార్పిడి కింద 7,000 చూపి, అదే పాత ఫోనును బయట 6,000కు అమ్మగలిగితే, సేల్ మీకు ఇచ్చినది వెయ్యి మాత్రమే. బయట 8,000 వస్తే, మీరే వెయ్యి ఎదురిచ్చినట్టు. అమ్మడంలో ఉండే శ్రమకూ, పాత ఫోనులోని సమాచారం తెలియనివారి చేతికి పోతుందన్న భయానికీ మీరు ఎంత విలువ కడతారో అది మీ ఇష్టం. కాని ఆ విలువను మీరు కట్టాలి, ప్రకటన కట్టకూడదు.

వడ్డీ లేని వాయిదాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాయిదాలు ఎంచుకుంటే మొత్తం ఒకేసారి కట్టేవారికి ఇచ్చే తగ్గింపు పోతుందేమో, వాయిదాల కోసం వేరే రుసుము పడుతుందేమో చివరి పేజీలో చూడండి. పోయిన తగ్గింపూ, పడిన రుసుమూ కలిపితే వచ్చేదే ఆ వడ్డీ.

ఎంత తగ్గితే నిజమని అనుకోవాలి

దీనికి శాస్త్రం లాంటి గీటురాయి ఏదీ లేదు, నా పద్ధతి చెబుతాను. షరతులు లేని సేల్ ధర మామూలు ధర కంటే పదోవంతుకు పైగా తక్కువగా ఉండి, మూడు నెలల కనిష్ఠ ధర కంటే కూడా తక్కువగా ఉంటే, అది నిజమైన తగ్గింపు అని కొంటాను. పదోవంతు తగ్గినా మూడు నెలల్లో అంతకంటే తక్కువకు ఒకసారి దొరికి ఉంటే, ఫోను అవసరం ఎంత తొందరగా ఉందో చూసుకుంటాను. ఐదు శాతం లోపల ఉంటే అది సేల్ కాదని, మామూలు రోజేనని అనుకుంటాను. అప్పుడు కొనకూడదని కాదు, సేల్ కోసమని కొనకూడదు అంతే. పాత ఫోను పాడైపోయి రేపటికి ఫోను కావలసినవారు మామూలు ధరకు కొనడంలో తప్పేమీ లేదు.

కొత్త మోడల్ రావడానికి ఒకటి రెండు నెలలే ఉన్న ఫోను అయితే ఈ కొలతను కాస్త కఠినం చేయండి. అలాంటి ఫోనుకు ఈ రోజు 12 శాతం తగ్గింపు నిజమే కావచ్చు గాని, కొత్త మోడల్ రాగానే అంతో, అంతకు మించో శాశ్వతంగా తగ్గవచ్చు. తయారీదారు గత రెండు మూడేళ్ళలో ఏ నెలలో కొత్త మోడల్ విడుదల చేశాడో చూస్తే ఆ రోజు ఎంత దూరంలో ఉందో అంచనా దొరుకుతుంది.

ఇక సేల్ పేజీలో తిరిగే గడియారం, ఇంకా మూడే ఉన్నాయి అన్న హెచ్చరిక, ఇంతమంది చూస్తున్నారు అన్న అంకె, ఈ మూడూ ధర గురించి ఏమీ చెప్పవు. గడియారం అయిపోయిన తరువాత పేజీని మళ్ళీ తెరిచి చూడండి. గడియారం మళ్ళీ మొదటి నుండి తిరుగుతూ, ధర అలాగే ఉంటే, ఆ అమ్మకందారు చూపే తక్కిన అంకెలను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసిపోతుంది.

ఆరవ మెట్టు: కొన్న తరువాత రెండు వారాలు

కొనేటప్పుడు ఉత్పత్తి పేజీనీ, చివరి చెల్లింపు పేజీనీ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గీత కొట్టిన ధర, శాతం, అమ్మకందారు పేరు మూడూ ఆ చిత్రాల్లో ఉండాలి. సేల్ ముగిసిన మరుసటి రోజూ, వారం తరువాతా, రెండు వారాల తరువాతా అదే పేజీ ధర చూసి పక్కన రాసుకోండి. సేల్ ధరే సేల్ తరువాత కూడా కొనసాగితే, మామూలు ధరే ఆ ధర అని అర్థం. ఈ మూడు అంకెలు వచ్చే సేల్‌లో ఆ అమ్మకందారును అంచనా వేయడానికి మీకు మిగిలే ఆధారం. తప్పుడు తగ్గింపు ప్రకటన గురించి వినియోగదారుల అధికారులకు ఫిర్యాదు చేయదలిస్తే చేతిలో ఉండవలసినవి కూడా ఆ చిత్రాలే.

ధర మీరు కొన్న తరువాత ఇంకా తగ్గితే, తేడాను వెనక్కి ఇచ్చే నియమం ఆ దుకాణానికి ఉందేమో చూడండి. కొన్ని దుకాణాలు కొద్ది రోజుల గడువులో అడిగితే ఇస్తాయి, తమంతట తాముగా మాత్రం ఇవ్వవు. అలాంటి నియమం లేకపోతే ఫోనును తిరిగి ఇచ్చి కొత్త ధరకు కొనడం ఒక దారి. అయితే పెట్టె తెరిచి, ఫోను ఆన్ చేసి, వారంటీ మొదలైన తరువాత చాలా దుకాణాలు ఫోనును వెనక్కి తీసుకోవు, లోపం ఉంటే మార్చి ఇవ్వడం వరకే చేస్తాయి. కాబట్టి తిరిగి ఇచ్చే నియమాన్ని కొనే ముందే చదివి, ధర మీద అనుమానం మిగిలి ఉంటే, గడువు అనుమతించినన్ని రోజులు పెట్టె సీలు తీయకుండా ఉంచి ధర చూస్తూ ఉండండి. ఫోను అందేటప్పుడు పెట్టె తెరిచి చూపిస్తేనే ఇచ్చే పద్ధతి ఉన్నచోట ఈ వీలు ఉండదు కనుక, అక్కడ మొదటి మూడు మెట్లనూ ఆర్డరు పెట్టడానికి ముందే పూర్తి చేయాలి.